పోయిన పైసా, తిరగరాసిన కామెంట్

“డబ్బు లెక్కలు ఇలాగేనా రాసేది? బేసిక్స్ తెలియకుండా పేమెంట్స్ కోడ్ ముట్టుకుంటే ఇలాగే ఏడుస్తుంది.”

ఒక సాఫ్ట్‌వేర్ టీమ్‌లో, ఏడాది కిందట ఉద్యోగంలో చేరిన అమ్మాయి రాసిన కోడ్ కింద సీనియర్ ఈ రెండు వాక్యాలూ పెట్టాడనుకుందాం. హైదరాబాదులోనైనా, బెంగళూరులోనైనా, డాలస్‌లోనైనా ఇలాంటివి ఇంగ్లీషులోనే రాసుకుంటారు. ఇక్కడ మన కోసం తెలుగులో చెబుతున్నాను. సంఘటన ఊహించినదే గాని కోడ్, దాని లెక్కలు అసలైనవి. ఎవరైనా కంప్యూటర్‌లో వేసి చూసుకోవచ్చు.

ఈ కామెంట్ మొరటుగా ఉందని చూడగానే తెలుస్తుంది. అయితే ఇందులో పెద్దగా ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. సీనియర్ అన్నది నిజం. ఆ కోడ్‌లో తప్పుంది, అదీ డబ్బుకు సంబంధించిన తప్పు. దాన్ని పట్టుకున్న మనిషే, తన కామెంట్ వల్ల అది దిద్దుబాటు కాకుండా పోయే పరిస్థితి తెచ్చాడు. ఎలాగో చూడాలంటే ముందు ఆ కోడ్‌ని చూడాలి.

అంతకన్నా ముందు కోడ్ రివ్యూ అంటే ఏమిటో రెండు ముక్కలు. ప్రోగ్రామర్ రాసిన మార్పు నేరుగా అసలు సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లదు. పత్రికాఫీసులో వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫ్ ఇంకొకరి చేతికి వెళ్లినట్టు, ఆ మార్పును తోటి ప్రోగ్రామర్ ఒకరు చదువుతారు. ఇలా పంపిన మార్పును పుల్ రిక్వెస్ట్ అంటారు, ఆఫీసు మాటల్లో పీఆర్. చదివేవారు అభ్యంతరం ఉన్న లైన్ కిందనే కామెంట్ రాస్తారు. రాసినవారు జవాబిస్తారు, దిద్దుతారు. అంతా కుదిరాక అప్రూవ్ చేస్తే ఆ మార్పు మెర్జ్ అవుతుంది. ఈ సంభాషణ మొత్తం టీమ్‌లో అందరికీ కనిపిస్తుంది, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది కూడా.

ఆ అమ్మాయి పైథాన్ భాషలో రాసినది ఇంతే:

```python
def to_paise(price):
    return int(price * 100)
```

రూపాయల్లో ఉన్న ధరను పైసల్లోకి మార్చడం దీని పని. మన దేశంలో ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే గేట్‌వేలలో కొన్ని, మొత్తాన్ని పైసల్లో చెప్పమంటాయి. 499 రూపాయలైతే 49900 అని పంపాలి. ఈ ఫంక్షన్‌కి 499 ఇస్తే 49900 వస్తుంది. 250.50 ఇస్తే 25050 వస్తుంది. ఆ అమ్మాయి రాసిన టెస్టులు ఈ రెండే, రెండూ పాసయ్యాయి. ఇప్పుడు 19.99 ఇచ్చి చూడండి:

```python
>>> 19.99 * 100
1998.9999999999998
>>> int(19.99 * 100)
1998
```

ఒక పైసా పోయింది. కారణం ఇది: మామూలు దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్ ‘ఫ్లోట్’ అనే రూపంలో, రెండు అంకెల లెక్కలో దాచుకుంటుంది. మూడింట ఒక వంతును మనం 0.333 అంటూ ఎంత దూరం రాసినా పూర్తికానట్టే, 19.99 ఆ రెండు అంకెల లెక్కలో పూర్తిగా ఇమడదు. దానికి అతి దగ్గరగా ఉన్న వేరే సంఖ్య నిలుస్తుంది, అది 19.99 కంటే వెంట్రుకవాసి తక్కువ. 250.50లో ఉన్న అర మాత్రం కచ్చితంగా ఇముడుతుంది, అందుకే ఆ టెస్టులో తేడా రాలేదు. ఆ వెంట్రుకవాసి తక్కువదనం వందతో గుణించినా 1998.9999 గానే మిగిలింది. పైగా `int` దగ్గరి పూర్ణాంకానికి సవరించదు, చుక్క తర్వాత ఉన్నదంతా కోసి పారేస్తుంది.

ఒక్క పైసాయే కదా అనిపిస్తుంది. కానీ ఆర్డర్ పట్టికలో 1999 పైసలని, చెల్లింపులో 1998 పైసలని ఉంటే రెండూ సరిపోలవు. సరిపోలని ఆర్డర్‌ని ఆ వ్యవస్థ ‘పెండింగ్’ అని పక్కన పెడుతుందనుకోండి, కొన్నవాడి ఖాతాలో డబ్బు పోయి ఉంటుంది, సరుకు మాత్రం కదలదు. ఫిర్యాదు కస్టమర్ కేర్‌కి వెళుతుంది. అక్కడివాళ్లకి ఇది పైసా గొడవని తెలిసే దారే ఉండదు.

ఇప్పుడు మళ్లీ ఆ కామెంట్ దగ్గరకు వద్దాం. ఆ రెండు వాక్యాల్లో కోడ్ గురించి ఏముంది? ఏ ధర ఇస్తే తప్పొచ్చిందో లేదు. ఏం రావాలో, ఏం వచ్చిందో లేదు. ఎందుకు వచ్చిందో లేదు. ఏం చేస్తే మెర్జ్ చేయనిస్తారో లేదు. ఉన్నదల్లా రాసిన మనిషి మీద తీర్పు. సీనియర్ మనసులో 19.99 ఉంది, 1998 ఉంది, పెండింగ్ ఆర్డర్లు ఉన్నాయి. కాగితం మీదకి వచ్చేసరికి అవన్నీ ఎగిరిపోయి విసుగు ఒక్కటే మిగిలింది.

ఆ అమ్మాయి వైపు నుంచి చూద్దాం. టెస్టులు మళ్లీ నడిపింది, పాసయ్యాయి. తప్పెక్కడో కనిపించలేదు. “ఏం తప్పు సార్?” అని అడిగితే బేసిక్స్ తెలియవని తనే ఒప్పుకున్నట్టవుతుంది, అదీ టీమ్ అందరి ముందూ. కాబట్టి అడగదు. డబ్బు లెక్కలు అన్నారు కదా అని వెతుకుతుంది. డబ్బుకి ఫ్లోట్ పనికిరాదు, `Decimal` వాడాలి అన్న సలహా దొరుకుతుంది. వెంటనే ఇలా మారుస్తుంది:

```python
def to_paise(price):
    return int(Decimal(price) * 100)
```

`Decimal` అనేది దశాంశాల్ని మనం కాగితం మీద రాసినట్టే ఉన్నదున్నట్టుగా పట్టుకునే రూపం. సీనియర్ తిరిగొచ్చి చూస్తాడు. `Decimal` అన్న మాట కనబడుతుంది, “ఇప్పుడు సరే” అని అప్రూవ్ చేస్తాడు. కానీ ఈ కొత్త కోడ్‌కి కూడా 19.99 ఇస్తే వచ్చేది 1998యే. ఎందుకంటే `price` ఇక్కడికి వచ్చేసరికే ఫ్లోట్ అయిపోయింది. ఆ వెంట్రుకవాసి లోపాన్ని `Decimal` ఉన్నదున్నట్టుగా, శ్రద్ధగా దాచిపెట్టింది. తప్పు అలాగే ఉంది, ఇప్పుడు దాని మీద సమీక్ష అయిందన్న ముద్ర కూడా పడింది.

మనిషి మీద రాసిన కామెంట్‌తో వచ్చే అసలు నష్టం ఇదని నా అభిప్రాయం. నొప్పించడం సంగతి సరే, అది తప్పే. దానికి తోడు అలాంటి కామెంట్‌లో సమాచారం ఉండదు. చదివినవారు కోడ్‌ని కాక పరువును కాపాడుకునే పనిలో పడతారు. వీలైనంత త్వరగా ఆ కామెంట్ కనబడకుండా పోయే మార్పు ఏదో ఒకటి చేసి బయటపడతారు.

*

సరే, దీన్ని తిరగరాద్దాం. చాలామంది మొదట చేసేది మనిషి ప్రస్తావన తీసేయడం. “ఈ కోడ్ చెత్తగా ఉంది. డబ్బు లెక్కలకి పనికిరాదు.” ఇప్పుడు కర్త కోడే, మనిషి ఎక్కడా లేదు. మెరుగైందా? కాస్త. కానీ చదివిన అమ్మాయికి ఇంకా ఒక్క కొత్త విషయం తెలియలేదు. చెత్త ఆ కోడ్‌దే అయినా రాసింది తనేనని అందరికీ తెలుసు. కర్తను మార్చినంత మాత్రాన విమర్శ కోడ్ మీదకు మళ్లదు. కోడ్ గురించి నిజంగా ఏదో చెప్పాలి.

చెప్పడానికి అన్నిటికన్నా గట్టిది ఒక ఉదాహరణ. “`to_paise(19.99)` 1999కి బదులు 1998 ఇస్తోంది.” ఈ ఒక్క వాక్యంలో నిందా లేదు, తేనె పూత కూడా లేదు. నమ్మకపోతే తనే నడిపి చూసుకోవచ్చు. ఇక్కడ సీనియారిటీకి పని లేదు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు చెప్పినా, నిన్న చేరినవాడు చెప్పినా 1998 అంటే 1998యే. ఇంకో సంగతి, ఈ వాక్యం రాయాలంటే సమీక్షించేవాడు కూడా దాన్ని ఒకసారి నడిపి చూడాలి. “బేసిక్స్ తెలియవు” అనడానికి ఆ శ్రమ అక్కర్లేదు. చాలా పరుష కామెంట్ల వెనక కోపం కన్నా ఈ బద్ధకమే ఎక్కువని నాకు అనిపిస్తుంది.

తర్వాత కారణం, పర్యవసానం. కారణం చెబితే ఆ అమ్మాయి ఈ ఒక్క లైన్‌నే కాక ఇలాంటి లైన్లన్నిటినీ తనే పట్టుకోగలుగుతుంది. పర్యవసానం చెబితే ఇది ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఆ తర్వాత, ఇది మెర్జ్‌కి ముందే దిద్దాలా, తర్వాతైనా పరవాలేదా అన్నది తేటగా చెప్పాలి. దిద్దే దారి తోస్తే చూపాలి. తనకు తెలియనిది ఉంటే తెలియదనాలి. అన్నీ కలిపితే కామెంట్ ఇలా వస్తుంది:

“`to_paise(19.99)` 1999కి బదులు 1998 ఇస్తోంది. 19.99 ఫ్లోట్‌లో కచ్చితంగా నిలవదు, `int` మిగిలిన భాగాన్ని కోసేస్తుంది. ఆర్డర్ మొత్తంతో ఒక్క పైసా తేడా వచ్చినా ఆర్డర్ పెండింగ్‌లో పడుతుంది కాబట్టి ఇది మెర్జ్‌కి ముందే సరిచేయాలి. ధరను స్ట్రింగ్‌గా తీసుకుని `Decimal` చేస్తే సరిపోతుందనుకుంటున్నాను. కానీ ధర ఈ ఫంక్షన్‌కి ఏ రూపంలో వస్తోందో నేను చూడలేదు, అది చెప్పగలరా? 19.99కి ఒక టెస్ట్ కూడా కలపండి.”

పాతదానికన్నా పొడుగే. రాయడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. ‘దయచేసి’లు లేవు, పొగడ్తలు లేవు. “సరిచేయాలి” అని కచ్చితంగానే ఉంది. అయినా చదివితే గుచ్చుకోదు, ఎందుకంటే ప్రతి వాక్యమూ కోడ్‌తోనే మాట్లాడుతోంది. మనిషిని పలకరించినది ఒక్కచోటే, అది కూడా సమీక్షించేవాడికి తెలియనిది ఆ మనిషికి తెలుసు కాబట్టి అడగడానికి.

ఆ ప్రశ్నే ఇక్కడ పెద్ద పని చేసింది. ఆ అమ్మాయి జవాబు ఇలా ఉంటుంది: “ధర కేటలాగ్ సర్వీస్ నుంచి జేసన్‌లో సంఖ్యగా వస్తోందండీ, స్ట్రింగ్‌గా కాదు. మనం చదివేటప్పుడే ఫ్లోట్ అయిపోతోంది. కాబట్టి ఇక్కడ `Decimal` చేసినా లాభం లేదు, నడిపి చూశాను, మళ్లీ 1998యే వచ్చింది. చదివే చోటే మార్చనా?” జేసన్ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకొక సాఫ్ట్‌వేర్‌కి వివరాలు పంపుకునే మామూలు అక్షర రూపం. అందులో దశాంశ సంఖ్య కనబడితే పైథాన్ దాన్ని తనంతట తానే ఫ్లోట్‌గా మారుస్తుంది. అలా మార్చొద్దని చెప్పే వీలు కూడా ఉంది:

```python
data = json.loads(body, parse_float=Decimal)
```

ఈ మార్పు చేశాక, ఆమె మొదట రాసిన `int(price * 100)` అన్న లైన్ అక్షరం మార్చకుండానే 19.99కి 1999 ఇస్తుంది. అంటే మూలం ఆ లైన్‌లో లేదు, రెండు మెట్ల వెనక, వేరే ఫైల్‌లో ఉంది. దాన్ని ఈ పీఆర్‌కి చాలాకాలం ముందు ఇంకెవరో రాసి ఉంటారు. “బేసిక్స్ తెలియకుండా” అన్న బాణం అసలు తప్పు చేసినవాళ్ల వైపు కూడా వెళ్లలేదన్నమాట. సీనియర్ చూపిన దారి సైతం సగమే సరైనదని తేలింది. అది బయటపడింది ఆ అమ్మాయి చెప్పబట్టి. ఆమె చెప్పింది అడగబట్టి.

*

ఇదంతా ఈ కాలపు సున్నితత్వమని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు. కానీ ఈ ఆలోచన కోడ్ రివ్యూ పుట్టినప్పటిదే. జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లో ప్రోగ్రామర్ల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో, తను రాసిన కోడ్‌ని తనలో భాగంగా చూసుకునే ప్రోగ్రామర్‌కి అందులో తప్పులు కనబడవని, అహం పక్కనపెట్టి ఒకరి కోడ్ ఒకరు చదివే అలవాటు కావాలని వాదించాడు. ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫాగన్ 1976లో కోడ్ తనిఖీకి ఒక పద్ధతి ప్రకటించాడు. నలుగురు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని, లైను లైనూ చదివి తప్పులు నమోదు చేసే పద్ధతి అది. తనిఖీలో దొరికిన తప్పుల లెక్కను ప్రోగ్రామర్ పనితీరు అంచనాకి వాడొద్దని ఆయన హెచ్చరించాడు. వాడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. అందరూ తప్పులు దాచడం మొదలుపెడతారు.

దీనికి ఎదురు ఉదాహరణగా లైనక్స్‌ని చూపేవారు. దాన్ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ మెయిళ్లలో తోటి ప్రోగ్రామర్లను కటువుగా తిట్టడం జగమెరిగినదే. అంత కటువుగా ఉన్నా, లేదా ఉన్నందుకే, లైనక్స్ అంత గట్టిగా నిలిచిందని ఆయన అభిమానులు అనేవారు. 2018 సెప్టెంబరులో ఆయనే ఒక మెయిల్ రాసి, తన వ్యక్తిగత దూషణలకు క్షమాపణ చెప్పి, తన ప్రవర్తనను అర్థం చేసుకోవడానికి సాయం తీసుకుంటానంటూ కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. ఆ సమయంలోనే లైనక్స్ కెర్నెల్ కొత్త ప్రవర్తనా నియమావళిని చేపట్టింది. ఆయన అక్టోబరులో తిరిగొచ్చాడు. లైనక్స్ ఆ తర్వాతా ఎప్పటిలాగే విడుదలవుతూ వచ్చింది.

*

మెత్తగా రాయబోయి పూర్తిగా అటువైపు ఒరిగిపోయేవాళ్లూ ఉన్నారు. మన దగ్గర ఈ రెండో రకమే ఎక్కువేమో అని నా అనుమానం, మొహం మీద ‘కాదు’ అనడానికి మనకి ప్రాణం ఒప్పదు. వాళ్ల కామెంట్ ఇలా ఉంటుంది: “చాలా బాగా రాశారండీ! వీలైతే, మీకు సమయం ఉంటే, ఫ్లోట్ గురించి ఒకసారి ఆలోచించి చూస్తారేమో. పట్టించుకోకపోయినా పరవాలేదు.” చదివిన అమ్మాయి “థాంక్యూ అండీ, తర్వాత చూస్తాను” అని మెర్జ్ చేసేస్తుంది. ఆమెది తప్పు కాదు, పరవాలేదన్నారు కదా. పైసా పోతూనే ఉంటుంది. రేపు ఫిర్యాదు వచ్చినప్పుడు “నేను ముందే చెప్పాను” అని ఈ కామెంట్ చూపిస్తే, ఆ మర్యాద మొదటి తిట్టు కన్నా ఎక్కువ బాధ పెడుతుంది.

ఈ చిక్కుకి టీమ్‌లు కనిపెట్టిన విరుగుడు ఒకటుంది. ఎంత ముఖ్యమో కామెంట్ మొదట్లోనే ఒక మాటతో చెప్పేయడం. గూగుల్ తన ఇంజనీర్ల కోసం రాసుకున్న కోడ్ రివ్యూ మార్గదర్శకాలను 2019లో అందరికీ అందుబాటులో పెట్టింది. విమర్శ కోడ్ మీద ఉండాలి, రాసినవారి మీద కాదు అని అందులో ఉంది. చిన్న చిన్న విషయాలకు ముందు `Nit:` అని పెట్టమనీ ఉంది. పేను గుడ్డు అన్న అర్థమున్న ఆ మాటను హైదరాబాదు ఆఫీసుల్లో కూడా అందరూ “నిట్” అనే అంటారు. పేరు ఇంకాస్త బాగుండొచ్చు, ఖాళీలు ఎన్ని ఉన్నాయి లాంటి చాదస్తం, దిద్దినా దిద్దకపోయినా మీ ఇష్టం అని దాని భావం. దీనివల్ల లాభం రెండువైపులా. నిట్ అని ఉన్నవి తేలిగ్గా తీసుకోవచ్చు. నిట్ అని లేనిది గట్టిగా చెప్పడానికి గొంతు పెంచనక్కర్లేదు, “ఇది మెర్జ్‌కి ముందు దిద్దాలి” అన్న మామూలు వాక్యమే చాలు. ఒక్క షరతు: ఒకే పీఆర్ మీద నిట్లు గుట్టలుగా పోస్తే వాటి మధ్య 19.99 కనబడకుండా పోతుంది.

పొగడ్త గురించి కూడా చెప్పాలి. చేదుకి ముందు, వెనక తీపి పెట్టమని మేనేజర్ల శిక్షణల్లో చెబుతుంటారు. నాకది నచ్చదు. రెండోసారికే “బాగా రాశారు” అనగానే తర్వాత ఏం వస్తుందోనని గుండె దడ మొదలవుతుంది. నిజంగా బాగున్నది కనబడితే, అది ఏమిటో చెప్పి, ఆ లైన్ కిందే రాయడం మేలు. “రూపాయలనీ పైసలనీ వేరే పేర్లతో ఉంచడం వల్ల ఈ ఫైల్ చదవడం తేలికైంది” అంటే ఆ మెప్పు మీద నమ్మకం కలుగుతుంది, ఎందుకంటే అది కూడా కోడ్ గురించే.

మాటల ఎంపికలో పైకి అమాయకంగా కనిపించేవి కొన్ని ఉన్నాయి. “జస్ట్ `Decimal` వాడితే చాలు కదా”లోని ఆ “జస్ట్”, ఇంత చిన్న విషయం తోచలేదా అని అడుగుతుంది. “ఆబ్వియస్‌లీ” కూడా అంతే, ఆమెకి తేటతెల్లం కాలేదు కాబట్టే ఆ లైన్ అలా ఉంది. “ఇక్కడ ఫ్లోట్ ఎందుకు వాడారు?” అన్న ప్రశ్న ఇంకా గమ్మత్తైనది. ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో అడిగితే నిజమైన ప్రశ్నే. తెరమీద చదివితే నిలదీసినట్టుంటుంది, అక్కడ మొహం కనబడదు, గొంతు వినబడదు. అమెరికాలో ఉన్న సహోద్యోగి పగలు రాసిన ఆ ఒక్క వాక్యం, హైదరాబాదులో నిద్రపోయే ముందు ఫోన్‌లో చదివినవాళ్లకి రాత్రంతా తోడుంటుంది. నిజంగా తెలుసుకోవాలనుకుంటే ఎందుకు అడుగుతున్నామో కలిపి రాయాలి: “ఇక్కడ ఫ్లోట్ ఉండటానికి కేటలాగ్ నుంచి అలా రావడమే కారణమా? అయితే అక్కడ మార్చాల్సి ఉంటుంది.” ఇక ‘మీరు’, ‘గారు’ ఈ విషయంలో కాపాడవు. “మీరు కనీసం టెస్ట్ చేశారాండీ?” అన్న దాంట్లో మర్యాద ఎంతుందో, ఎత్తిపొడుపు అంతకన్నా ఎక్కువుంది.

రాసిన కామెంట్ పంపే ముందు పరీక్షించుకోవడానికి నేను చెప్పే చిట్కా ఒకటే. ఇదే లైన్ టీమ్ లీడ్ రాసి ఉంటే ఈ కామెంట్ ఇలాగే పెట్టేవాడినా? ఏ మాటలు మార్చాలనిపిస్తాయో అవి కోడ్ గురించినవి కావు. “19.99కి 1998 వస్తోంది” మారదు. “బేసిక్స్” ఎగిరిపోతుంది. అదేవిధంగా, టీమ్ లీడ్ అయితే “వీలైతే ఆలోచించండి” అని నీళ్లు కలిపేవాడినేమో అనిపిస్తే, అది కూడా కోడ్ గురించినది కాదు.

పరుష కామెంట్ అందుకున్నవారికి కూడా ఇందులో పనికొచ్చేది ఉంది. ఎదుటివారు చేయని తిరగరాతను తామే చేయించుకోవచ్చు. “ఏ ధరకి తప్పు వస్తోందండీ? ఆ విలువతో టెస్ట్ రాస్తాను” అని జవాబిస్తే, మాట మనిషి మీద నుంచి మళ్లీ కోడ్ మీదకు వస్తుంది. కచ్చితమైన విలువ అడిగాక, సమీక్షించినవారు దాన్ని ఇవ్వాలి, లేదా తన దగ్గర లేదని ఒప్పుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకి ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు. టీమ్‌లో మూడో మనిషి ఎవరైనా ఆ ప్రశ్న అడిగితే ఇంకా బాగా పనిచేస్తుంది.

కామెంట్‌తో తెమలని విషయాలూ ఉంటాయి. ఇద్దరి మధ్యా మూడు నాలుగు జవాబులు నడిచాక కూడా ఒడ్డుకు రాకపోతే ఇక టైపు చేయడం ఆపి ఫోన్ చేసుకోవాలి. మాట్లాడుకుని తేల్చినదాన్ని మాత్రం తిరిగి ఆ పీఆర్ కింద రెండు లైన్లలో రాయాలి, లేకపోతే తర్వాత చదివేవాళ్లకి ఆ నిర్ణయం ఎక్కడినుంచి ఊడిపడిందో తెలియదు.

అన్నిటికన్నా కష్టమైనది, అదే తప్పు అదే మనిషి దగ్గర మళ్లీ మళ్లీ కనబడటం. అప్పుడు విషయం నిజంగానే మనిషి గురించినది. దాన్ని కోడ్ కింద, పదిమంది ముందు, ‘ఇంతకుముందు కూడా చెప్పాను’ అని రాయడం ఎందుకూ కొరగాదు. ఆ సంభాషణ ఇద్దరూ విడిగా కూర్చుని చేసుకోవాల్సినది, మామూలుగా అది టీమ్ లీడ్ పని. అక్కడ కూడా గత పీఆర్లు తెరిచి పెట్టుకుని, ఏ లైన్‌లో ఏ విలువకి ఏం వచ్చిందో చూపిస్తూ మాట్లాడితే తొందరగా తెములుతుంది. కొన్నిసార్లు అలా చూస్తున్నప్పుడే, తప్పు చేస్తున్నది ఒక్కరు కాదని, టీమ్‌లో ముగ్గురు నలుగురు అదే చేస్తున్నారని బయటపడుతుంది. అలాంటప్పుడు మనుషులు చెప్పుకోవడం మానేసి ఆ పనిని యంత్రానికి అప్పగిస్తారు. పేమెంట్స్ ఫోల్డర్‌లో ఎవరైనా `parse_float` లేకుండా జేసన్ చదివితే పీఆర్ తెరవగానే ఎర్ర గుర్తు పడేలా ఒక తనిఖీ పెడతారు. ఆ ఎర్ర గుర్తు సీనియర్‌కీ పడుతుంది, నిన్న చేరినవాళ్లకీ పడుతుంది. దాన్ని చూసి ఎవరూ నొచ్చుకోరు, లైన్ దిద్దుకుని ముందుకెళతారు.